వెండర్ దగ్గర ఆగిన పని, స్టీరింగ్ కమిటీకి రాసిన మెయిల్: నా అనుభవం

విశాఖపట్నం రుషికొండలోని ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో నేను టీమ్ లీడ్‌గా పనిచేస్తున్నాను. గాజువాక వైపు ఉన్న ఒక కంటైనర్ ఫ్రైట్ స్టేషన్‌కు గేటు నిర్వహణ సాఫ్ట్‌వేర్ తయారుచేసే బాధ్యత మా జట్టుది. లారీ గేటు దగ్గర ఆగగానే కెమెరా కంటైనర్ నంబరు చదవాలి, కాటా బరువు చూపాలి, ఆ రెండూ అప్పటికప్పుడు మా సాఫ్ట్‌వేర్‌కు చేరాలి, మేము వాటిని బుకింగ్‌తో సరిచూసి గేట్ పాస్ ఇవ్వాలి. కెమెరాలు, కాటా, వాటిని నడిపే సాఫ్ట్‌వేర్ వేరే వెండర్‌వి. ఆ వెండర్‌తో ఒప్పందం మా క్లయింట్‌కే తప్ప మాకు లేదు. తరువాత జరిగినదంతా ఈ ఒక్క విషయం మీద ఆధారపడింది.

వెండర్ మాకు ఇవ్వవలసినవి రెండే. మొదటిది, వారి టెస్ట్ సర్వరుకు అనుసంధానం, అంటే దాని చిరునామా, మా సర్వరును గుర్తించే డిజిటల్ సర్టిఫికెట్. రెండోది, వారు పంపే సందేశంలో ఏయే వివరాలు ఏ రూపంలో ఉంటాయో చెప్పే ఇంటర్‌ఫేస్ పత్రం తుది ప్రతి. రెండూ జులైలో రావలసి ఉండగా ఆగస్టు మధ్యకు కూడా రాలేదు. వారం వారం జరిగే సమీక్షలో వెండర్ ప్రాజెక్ట్ మేనేజర్ "ఈ వారంలో ఇచ్చేస్తామండి" అని మర్యాదగానే చెప్పేవారు. ఆ మాట సమీక్ష నోట్సులోకి ఎక్కేది, మరుసటి వారం అదే మాట మళ్లీ ఎక్కేది. మా స్థితి నివేదికలో ఆ వరుస పసుపు రంగులోనే ఉండిపోయింది. పసుపు రంగును చూసి ఎవరూ నిర్ణయం తీసుకోరు. సమస్య ఉందని చెప్పినట్టూ ఉంటుంది, ఎవరో చూసుకుంటున్నారన్న ధీమా కూడా కలుగుతుంది.

పై స్థాయికి, అంటే ప్రాజెక్టు మీద తుది నిర్ణయాలు తీసుకునే స్టీరింగ్ కమిటీకి, రాయక తప్పదని తేలిన తరువాత కూడా నేను వెంటనే మెయిల్ మొదలుపెట్టలేదు. అసలు ఈ పని ఎందుకు ఆగిందో నాకు తెలియాలి. వెండర్ ఆలస్యం చేస్తున్నారని రాస్తే అది ఫిర్యాదు అవుతుంది. కమిటీ ఆ ఫిర్యాదును వెండర్‌కే పంపుతుంది, వెండర్ మరో తేదీ ఇస్తారు. కారణం సాంకేతికమైతే కమిటీ చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు. కారణం డబ్బుతోనో సంతకంతోనో ముడిపడినదైతే కమిటీ తప్ప ఇంకెవరూ ఏమీ చేయలేరు. ఈ రెండింటిలో ఏదో తేలకుండా రాసే ఎస్కలేషన్ వల్ల ప్రయోజనం ఉండదని నా నమ్మకం.

గేటు దగ్గర కెమెరాలు బిగిస్తున్న వెండర్ ఇంజనీరు శ్రీకాకుళం అబ్బాయి. సైటుకు వెళ్లినప్పుడు టీ తాగుతూ అడిగితే, "అన్నా, మా వైపు పని ఎప్పుడో అయిపోయింది. సీఆర్ మీద సంతకం పడకుండా బయటికి ఇవ్వొద్దని పైనుంచి చెప్పారు" అన్నాడు. సీఆర్ అంటే చేంజ్ రిక్వెస్ట్. అసలు పర్చేజ్ ఆర్డర్‌లో ఉన్నది, రోజూ ఒక ఫైలు రూపంలో రీడింగులు ఇవ్వడం. ప్రతి లారీకి అప్పటికప్పుడు సందేశం పంపాలన్నది డిజైన్ సమావేశాల్లో తరువాత చేరింది. దానికి అదనపు సొమ్ము కావాలని వెండర్ చేంజ్ రిక్వెస్ట్ పెట్టారు. టెండరులో "ఇతర సాఫ్ట్‌వేర్‌లతో అనుసంధానం" అని ఉంది కాబట్టి ఇది పాత ధరలోనే వస్తుందని క్లయింట్ కొనుగోళ్ల విభాగం అంటోంది. ఈ వివాదం వారిద్దరి మధ్య నడుస్తూ ఉండగా, సాంకేతిక సమీక్షలో కూర్చునేవారెవరికీ అది తెలియదు.

ఆ అబ్బాయి మాటను మెయిల్‌లో వాడుకోవడం న్యాయం కాదు. నమ్మి చెప్పినవాడి ఉద్యోగానికి అది ముప్పు తెస్తుంది. పైగా టీ దగ్గర విన్న మాట కమిటీ ముందు సాక్ష్యంగా నిలవదు. అందుకని వెండర్ ప్రాజెక్ట్ మేనేజర్‌కు నేను ఒకే ప్రశ్నతో మెయిల్ పంపాను: టెస్ట్ సర్వరు అనుసంధానం ఇవ్వడానికి మీ వైపు ఇంకా మిగిలి ఉన్నది సాంకేతిక పనా, వాణిజ్యపరమైన అనుమతా? అనుమతి అయితే అది ఎవరి నుంచి రావాలి, వచ్చిన తరువాత ఇవ్వడానికి ఎన్ని పనిదినాలు పడుతుంది? జవాబు స్పష్టంగా వచ్చింది. చేంజ్ రిక్వెస్ట్‌కు ఆమోదం రావాలి, వచ్చాక మూడు పనిదినాలు చాలు. వారాల తరబడి సమీక్షల్లో బయటపడని విషయం, సూటిగా రాతపూర్వకంగా అడిగేసరికి బయటికి వచ్చింది. ఆ మేనేజర్ దాచాలని దాచలేదని కూడా నాకు అర్థమైంది. సాంకేతిక సమీక్షలో డబ్బు విషయం ఎత్తే అధికారం ఆయనకు లేదు, అంతే.

ఆ తరువాత చేసిన పని తేదీలను వెనుక నుంచి లెక్కపెట్టడం. గో-లైవ్, అంటే కొత్త సాఫ్ట్‌వేర్ గేటు దగ్గర వాడుకలోకి రావలసిన రోజు, నవంబరు 3, సోమవారం. దానికి ముందు రెండు వారాలు గేటు దగ్గర పాత పద్ధతి, కొత్త సాఫ్ట్‌వేర్ పక్కపక్కనే నడవాలి, అంటే అక్టోబరు 20న మొదలు కావాలి. దానికి ముందు పరీక్షలకు మూడు వారాలు పడుతుంది కాబట్టి అవి సెప్టెంబరు 29న మొదలు కావాలి. దసరా ఆ మధ్యలోనే వస్తుంది. పరీక్షలకు ముందు అనుసంధానం రాసుకోవడానికి నాలుగు వారాలు. ఆ లెక్కన సెప్టెంబరు 1 ఉదయానికి టెస్ట్ సర్వరు మా చేతిలో ఉండాలి. వెండర్ మూడు పనిదినాలు అడిగారు. ఆగస్టు 27 వినాయక చవితి సెలవు. కాబట్టి ఆగస్టు 25 సోమవారం నిర్ణయం వస్తే 26, 28, 29 తేదీల్లో వారు పని పూర్తిచేయగలరు. కమిటీ తదుపరి సమావేశం సెప్టెంబరు మొదటి వారంలో ఉంది. సమావేశం దాకా ఆగకుండా మెయిల్ ఎందుకు రాయవలసి వచ్చిందో ఈ లెక్కే చెబుతుంది. ఇది లేకపోయి ఉంటే "వచ్చే సమావేశంలో చూద్దాం" అని ఎవరైనా అంటే కాదనడానికి నా దగ్గర ఆధారం ఉండేది కాదు.

మా డెలివరీ హెడ్ మేడమ్‌కు ఈ లెక్క చూపించినప్పుడు ఆవిడ ఒక ప్రశ్న వేశారు. "టెస్ట్ సర్వరు లేకపోతే మీరే ఒక నకిలీ సర్వరు కట్టుకుని పని సాగించవచ్చు కదా అని చైర్మన్ గారు అడుగుతారు. ఏం చెబుతారు?" నిజానికి మేము అప్పటికే కట్టుకున్నాం, దాని మీదే పనిచేస్తున్నాం. ఆ నకిలీ సర్వరుతో ఎంత దూరం వెళ్లగలమో, ఎక్కడ ఆగిపోతామో కమిటీకి అర్థమయ్యేలా చెప్పడం ఈ మొత్తం వ్యవహారంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది.

కంటైనర్ నంబరుకు అంతర్జాతీయ ప్రమాణం ఉంది, ఐఎస్ఓ 6346. నాలుగు అక్షరాలు, ఆరు అంకెలు, చివర ఒక సరిచూసే అంకె. ఉదాహరణకు `CSQU3054383` తీసుకుంటే చివరి 3 ముందున్న పదింటి నుంచి లెక్కకట్టినది. కెమెరా 8ని 6గా చదివితే ఆ లెక్క తప్పుతుంది, మేము పట్టుకోగలం. ఇలాంటి వాటికి నకిలీ సర్వరు చాలు. అయితే నలభై అడుగుల ట్రైలర్ మీద ఇరవై అడుగుల కంటైనర్లు రెండు వచ్చినప్పుడు నంబర్లు రెండు, కాటా మీద బరువు ఒకటే. ఆ సందర్భంలో వెండర్ ఒక సందేశం పంపుతారా, రెండు పంపుతారా, రెండు పంపితే ఒకే బరువును రెండింటిలోనూ పెడతారా? ఇంటర్‌ఫేస్ పత్రం చిత్తుప్రతిలో దీనిమీద ఒక్క మాట లేదు. లారీ కాటా మీద కుదురుకోక ముందే బరువు పంపుతారా, డ్రైవరు వెనక్కి తీసి మళ్లీ ఎక్కిస్తే రెండో సందేశం వస్తుందా అన్నదీ అంతే. నకిలీ సర్వరులో మేము ఏది ఊహిస్తే అదే జవాబుగా వస్తుంది. మన ఊహను మన ఊహతోనే పరీక్షించుకుంటే తప్పు ఎన్నటికీ బయటపడదు.

బరువు విషయంలో ఊహ మీద ఆధారపడటానికి వీల్లేదు. 2016 జులై 1 నుంచి, ఓడల భద్రతకు సంబంధించిన అంతర్జాతీయ ఒప్పందం సోలాస్ నిబంధన ప్రకారం, ఎగుమతికి నింపిన ప్రతి కంటైనర్‌కూ ధ్రువీకరించిన స్థూల బరువు లేనిదే ఓడ ఎక్కించకూడదు. మా క్లయింట్ ఖాతాదారులు కొందరు ఆ బరువును ఇదే కాటా నుంచి తీసుకుంటారు. రెండు కంటైనర్ల మొత్తం బరువు ఒక కంటైనర్ పేరున వెళ్లిందంటే అది మా స్క్రీన్ మీద తప్పుతో ఆగదు, ఓడలో సరుకు అమర్చే లెక్క దాకా వెళ్తుంది.

దీన్నంతా మెయిల్‌లో రెండు వాక్యాలకు కుదించాను. నకిలీ సర్వరుతో ఇప్పటివరకు చేయగలిగినది చేశామనీ, రెండు కంటైనర్ల లారీ, కుదురుకోని బరువు అనే రెండు సందర్భాలను వెండర్ అసలు సర్వరుతో మాత్రమే పరీక్షించగలమనీ రాశాను. నాలుగు వారాల పనిలో అసలు సర్వరు లేనిదే చేయలేని భాగం ఎంతో కూడా చెప్పాను. ఆగనిదాన్ని ఆగిందని చెబితే కమిటీ దృష్టిలో మిగతా మాటల విలువ కూడా పడిపోతుంది.

మెయిల్ పంపకముందు ముగ్గురికి చెప్పాను. క్లయింట్ ప్రాజెక్ట్ మేనేజర్‌కు పూర్తి చిత్తుప్రతి చూపాను, ఎందుకంటే తన పైఅధికారి నుంచి ఈ సంగతి ఆయన మొదటిసారి వినకూడదు. వెండర్ ప్రాజెక్ట్ మేనేజర్‌కు, జరిగిన విషయాలు చెప్పే పేరాను మాత్రం పంపి, తప్పులుంటే సరిచేయమన్నాను. చేంజ్ రిక్వెస్ట్ ఇచ్చిన తేదీని ఆయన సవరించారు. నా దగ్గరున్నది రెండో ప్రతి తేదీ, మొదటి ప్రతి అంతకు ముందే వెళ్లిందట. అది సరిదిద్దకుండా వెళ్లి ఉంటే చర్చ అంతా ఆ తేదీ చుట్టూ తిరిగేది. మూడో వ్యక్తి కొనుగోళ్ల విభాగం అధిపతి. ఆయనతో ఫోనులోనే మాట్లాడాను. "అంటే నా వల్లే ఆగిందని రాస్తున్నారా?" అని ముందే అడిగారు. "లేదు సర్, టెండరులోని అనుసంధానం అన్న మాటకు రెండు పక్షాలు రెండు అర్థాలు చెబుతున్నాయనీ, ఆ తేడా తేల్చే అధికారం కమిటీదనీ రాస్తున్నాను" అన్నాను. ఆయన వాదనలో బలం ఉందని నేను నిజంగానే అనుకుంటున్నాను. సంస్థ డబ్బును కాపాడటం ఆయన ఉద్యోగం.

మెయిల్ ఆగస్టు 21, గురువారం ఉదయం మా డెలివరీ హెడ్ అనుమతితో నా పేరు మీదే వెళ్లింది. ఇంగ్లీషులో రాసిన ఆ మెయిల్ సారాంశాన్ని తెలుగులో ఇక్కడ ఇస్తున్నాను. సంస్థల పేర్లు, సొమ్ము వివరాలు తీసేశాను.

> విషయం: ఆగస్టు 25 లోగా నిర్ణయం కావాలి – గేటు అనుసంధానం, నవంబరు 3 గో-లైవ్
>
> కమిటీ సభ్యులకు నమస్కారం. గేటు వెండర్ పెట్టిన చేంజ్ రిక్వెస్ట్ మీద ఆగస్టు 25 సోమవారం సాయంత్రంలోగా కమిటీ నిర్ణయం కోరుతున్నాము. ఆ తేదీ దాటితే నవంబరు 3న గో-లైవ్ సాధ్యం కాదు.
>
> ప్రస్తుత పరిస్థితి: వెండర్ వైపు సాంకేతిక పని పూర్తయింది. చేంజ్ రిక్వెస్ట్‌కు ఆమోదం వచ్చిన మూడు పనిదినాల్లో టెస్ట్ సర్వరు అనుసంధానం, ఇంటర్‌ఫేస్ పత్రం తుది ప్రతి ఇస్తామని వారు రాతపూర్వకంగా తెలిపారు. అప్పటికప్పుడు సందేశం పంపే పని పాత ధరలోనిదా, అదనమా అన్న విషయంలో టెండరును, పర్చేజ్ ఆర్డరును రెండు పక్షాలు వేర్వేరుగా అర్థం చేసుకున్నాయి. ఇది ప్రాజెక్ట్ స్థాయిలో తేలే విషయం కాదు.
>
> మార్గాలు మూడు. ఒకటి, ధర మీద అభ్యంతరాన్ని రాతపూర్వకంగా నిలుపుకొంటూ, పని మొదలుపెట్టడానికి మాత్రం ఇప్పుడే ఆమోదం ఇచ్చి, ధర సంగతి విడిగా తేల్చుకోవడం. రెండు, పాత ఒప్పందంలో ఉన్న ఫైలు పద్ధతితోనే గో-లైవ్‌కు వెళ్లడం. అప్పుడు గేటు సిబ్బంది ప్రతి లారీకి నంబరు, బరువు చేత్తో ఎక్కించాలి. మూడు, గో-లైవ్ వాయిదా వేయడం. పాత గేటు సాఫ్ట్‌వేర్ నిర్వహణ ఒప్పందం నవంబరు 30తో ముగుస్తుంది కాబట్టి, అంతకు మించి వాయిదా వేస్తే దాన్ని పొడిగించుకోవాలి.
>
> మా సిఫారసు మొదటి మార్గం. టెస్ట్ గేటు మీద నిలిపిన ఒక లారీ రీడింగ్ మా సర్వరుకు చేరి, మా రశీదు వెండర్ సర్వరుకు తిరిగి వెళ్లిన రోజున ఈ అడ్డంకి తొలగినట్టు భావిస్తాము.

దీని కింద తేదీల లెక్క ఒక పేజీ, వెండర్ రాతపూర్వక జవాబు మరో పేజీ జతచేశాను. సమీక్షల్లో ఎవరు ఎప్పుడు ఏమన్నారన్న చరిత్ర పెట్టలేదు. నకిలీ సర్వరు గురించిన రెండు వాక్యాలు తేదీల పేజీలోనే ఉన్నాయి. సారాంశం మాత్రం ఫోను తెర మీద ఒకటి రెండుసార్లు జరిపితే పూర్తయ్యేంత ఉండాలని చూశాను, ఎందుకంటే చైర్మన్ గారు మెయిళ్లు ఫోనులోనే చదువుతారు. వెండర్‌ను కాపీలో పెట్టలేదు. మొదటి మార్గంలో క్లయింట్ బేరసారాల వైఖరి ఉంది, దాన్ని ఎదుటి పక్షానికి చూపించే హక్కు నాకు లేదు. మెయిల్ వెళుతోందని మాత్రం వెండర్ ప్రాజెక్ట్ మేనేజర్‌కు అదే ఉదయం ఫోను చేసి చెప్పాను.

సిఫారసు రాయాలా వద్దా అన్నదాని మీద మా సంస్థలో కొంత చర్చ జరిగింది. వాణిజ్య విషయంలో మనం మాట్లాడకూడదని ఒకరిద్దరు అన్నారు. ధర ఎంత ఉండాలో చెప్పడం మా పని కాదన్నది సరైన మాటే, నేను చెప్పలేదు కూడా. కానీ మూడు మార్గాల్లో ఏది గేటును సరిగ్గా నడిపిస్తుందో కమిటీలో అందరికంటే మా జట్టుకే బాగా తెలుసు. రెండో మార్గంలో చేత్తో ఎక్కించే బరువు ఎలాంటి ప్రమాదమో తెలిసి కూడా మూడింటినీ సమానంగా వాళ్ల ముందు పెట్టి ఊరుకోవడం బాధ్యత తప్పించుకోవడమే అవుతుంది.

మొదటి జవాబు ఫైనాన్స్ అధిపతి నుంచి వచ్చింది. పని మొదలుపెట్టడానికి ఆమోదం ఇస్తే ధరను ఒప్పుకున్నట్టు అవుతుందా అని ఆయన అడిగారు. దానికి జవాబు ఇవ్వవలసింది నేను కాదు, కొనుగోళ్ల అధిపతే ఇచ్చారు. ఆమోద పత్రంలో "ఈ ఆమోదం ధర అంగీకారం కాదు" అన్న వాక్యం పెడితే తనకు అభ్యంతరం లేదన్నారు. ముందురోజు ఫోనులో మాట్లాడుకుని ఉండకపోతే ఆ జవాబు అంత సులువుగా వచ్చేది కాదని నా అంచనా. వెండర్ ఆ వాక్యానికి ఒప్పుకోవడానికి శనివారం కొంత సమయం పట్టింది, ఒక గడువులోగా ధర తేల్చాలన్న షరతు వాళ్లూ పెట్టారు. సోమవారం మధ్యాహ్నం చైర్మన్ గారు మొదటి మార్గాన్ని ఆమోదిస్తూ మూడు వాక్యాల మెయిల్ పంపారు.

శుక్రవారం, 29న సర్టిఫికెట్, సర్వరు చిరునామా వచ్చాయి. వెండర్ తమ వైపు ఈ అంశాన్ని ముగిసినట్టు గుర్తించుకుని మాకు మెయిల్ పెట్టారు. మా ఇంజనీరు ప్రయత్నిస్తే సర్వరు మాకు స్పందించనే లేదు. సర్టిఫికెట్ దాకా కూడా వెళ్లకుండా కనెక్షన్ మధ్యలోనే ఆగిపోతోంది, అంటే మా నెట్‌వర్క్ చిరునామా వారి అనుమతి జాబితాలో లేదని అర్థం. సర్టిఫికెట్‌లో లోపం ఉంటే తిరస్కరిస్తూ ఒక సందేశం వచ్చేది, ఇక్కడ అసలు నిశ్శబ్దమే. ఆ చిరునామా చేర్చాలంటే వారి నెట్‌వర్క్ విభాగానికి వేరే అభ్యర్థన వెళ్లాలి, మామూలుగా అయితే దానికి మళ్లీ కొన్ని రోజులు. అయితే అడ్డంకి ఎప్పుడు తొలగినట్టో కమిటీకి పంపిన మెయిల్‌లోనే రాసి ఉంది, ఆ ఒక్క వాక్యాన్ని వెండర్ అకౌంట్ మేనేజర్‌కు కూడా పంపి ఉన్నాం. సర్టిఫికెట్ ఇచ్చాం కాబట్టి అయిపోయిందన్న వాదన రాలేదు. శనివారం పొద్దున్నే వారి నెట్‌వర్క్ ఇంజనీరు ఒకరు కూర్చుని చిరునామా చేర్చారు. మధ్యాహ్నానికి గేటు దగ్గర ట్రైలర్‌ను కాటా మీద నిలిపి రీడింగ్ పంపిస్తే అది మా సర్వరుకు చేరింది, మా రశీదు తిరిగి వెళ్లింది. అది చూసిన తరువాతే నేను కమిటీకి అంశం ముగిసిందని రాశాను.

రెండు కంటైనర్ల లారీ ప్రశ్నకు మొదటి వారంలోనే జవాబు దొరికింది. వెండర్ సర్వరు రెండు సందేశాలు పంపుతోంది, రెండింటిలోనూ మొత్తం బరువే ఉంటోంది, ఆ రెండూ ఒకే లారీవని చెప్పే గుర్తు ఏదీ లేదు. మా నకిలీ సర్వరులో మేము ఊహించినది ఒకే సందేశం, అందులో రెండు నంబర్లు. ఇప్పుడు రెండు సందేశాలకూ ఒకే తూకపు సంఖ్య జతచేయడానికి వెండర్ ఒప్పుకున్నారు, అలాంటి లారీ వచ్చినప్పుడు కంటైనర్ బరువును మా సాఫ్ట్‌వేర్ ఖాళీగా ఉంచి విడివిడిగా తూచమని గేటు సిబ్బందిని అడుగుతుంది. ఇది రాస్తున్న సమయానికి అనుసంధానం పని మూడో వారంలో ఉంది, పరీక్షలు సెప్టెంబరు 29న మొదలవుతాయన్న తేదీ అలాగే ఉంది. ధర వివాదం ఇంకా తేలలేదు. అది కొనుగోళ్ల విభాగం, వెండర్ మధ్య విడిగా నడుస్తోంది, కమిటీ నివేదికలో వాణిజ్య అంశాల కింద దాని గడువు తేదీతో సహా ఒక వరుసగా ఉంది.